వోలటిలిటీ అంచనాకు ఈడబ్ల్యూఎంఏనా, మామూలు స్టాండర్డ్ డీవియేషనా?

రేపటి వోలటిలిటీ ఎంత ఉండొచ్చో గడిచిన రోజుల రిటర్న్‌ల నుంచి లెక్కకట్టడానికి ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. మొదటిది, ఇన్ని రోజులని ఒక విండో పెట్టుకుని అందులోని రిటర్న్‌లకు స్టాండర్డ్ డీవియేషన్ తీయడం. రెండోది, కొత్త రోజుకు ఎక్కువ, పాత రోజుకు తక్కువ వెయిట్ ఇస్తూ పోవడం. దీన్నే ఎక్స్‌పొనెన్షియల్లీ వెయిటెడ్ మూవింగ్ యావరేజ్, పొట్టిగా ఈడబ్ల్యూఎంఏ అంటారు. ఇందులో పాత అంచనాకు ఎంత వెయిట్ ఉంచాలో చెప్పే అంకె λ. ఈ రెండింటినీ పోల్చేవాళ్లు చాలాసార్లు 250 రోజుల స్టాండర్డ్ డీవియేషన్‌ను ఒక పక్క, λ = 0.94 ఈడబ్ల్యూఎంఏను ఇంకో పక్క పెట్టి, రెండోది మార్కెట్ మార్పును తొందరగా పట్టుకుందని తేల్చేస్తారు. ఆ పోటీయే సమానుల మధ్య జరగలేదు. అక్కడ గెలిచింది వెయిట్ల పద్ధతి కాదు, పొట్టి జ్ఞాపకం. మామూలు విండోనే 20 రోజులకు కుదిస్తే అదీ తొందరగానే కదిలేది.

అందుకే ముందు రెండింటి జ్ఞాపకాన్ని సమానం చేయాలి. ఆ తర్వాత కూడా మిగిలే తేడా ఏదో, అదే ఎంపికకు అసలు ఆధారం.

## జ్ఞాపకాన్ని సమానం చేయడం

ఈడబ్ల్యూఎంఏ లెక్క ఒక్క వరుసే:

`v[t+1] = λ·v[t] + (1−λ)·r[t]²`

ఇక్కడ `v` వేరియన్స్, `r` ఆ రోజు రిటర్న్. వోలటిలిటీ కావాలంటే చివర్లో వర్గమూలం తీయాలి. λ = 0.94 అయితే రేపటి అంచనాలో 6 శాతం నేటి రిటర్న్ వర్గానిది, మిగతా 94 శాతం నిన్నటిదాకా ఉన్న అంచనాది. ఈ 0.94 బాగా వాడుకలోకి వచ్చింది జె.పి. మోర్గాన్ 1994లో బయటపెట్టిన రిస్క్‌మెట్రిక్స్ వల్ల. అందులో రోజువారీ అంచనాకు 0.94, నెలవారీ అంచనాకు 0.97 పెట్టారు. దాన్ని అందరూ వాడే మొదటి అంకెగా చూడాలి తప్ప, ప్రతి ఆస్తికీ సరిపడే అంకెగా కాదు.

N రోజుల సమాన వెయిట్ల విండోకు సాటి వచ్చే λ ఎంతో చెప్పే సూత్రం ఇది:

`N = (1+λ)/(1−λ)`, అంటే `λ = (N−1)/(N+1)`

0.94 పెడితే N దాదాపు 32 వస్తుంది. 60 రోజుల విండోకు సాటి 0.967, 250 రోజుల విండోకు సాటి 0.992. ఈ సూత్రంతో రెండు విషయాలు ఒకేసారి సమానమవుతాయి. లెక్కలోని డేటా సగటు వయసు ఒకటి, అంచనాలో ఉండే గాలివాటం హెచ్చుతగ్గులు రెండోది. రిటర్న్‌లు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను పాటిస్తాయనుకుంటే వోలటిలిటీ అంచనాలో పొరపాటు సుమారు `1/√(2N)`. 32 రోజులకు అది 12.5 శాతం, 250 రోజులకు 4.5 శాతం. నిజమైన రిటర్న్‌లలో పెద్ద కుదుపులు నార్మల్ చెప్పేదానికంటే ఎక్కువగా వస్తాయి కాబట్టి అసలు పొరపాటు ఇంతకు మించే ఉంటుంది. 0.94 వాడుతూ అంచనా మరీ ఊగిపోతోందని విసుక్కునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే: అది నెలన్నర ట్రేడింగ్ డేటాతో తీసిన అంకె, ఊగకుండా ఉండదు.

## ఒకే కుదుపు, మూడు లెక్కలు

ఇప్పుడు జ్ఞాపకం సమానంగా ఉన్న రెండింటిని పక్కపక్కన పెడదాం: λ = 0.94, 32 రోజుల విండో. పోలిక కోసం 250 రోజుల విండోనూ చేర్చాం. చాలాకాలంగా రోజుకు సరిగ్గా 1 శాతం కదులుతున్న ఒక ఆస్తి ఒక్క రోజు 5 శాతం పడిందనుకుందాం. మర్నాటి నుంచి మళ్లీ రోజుకు 1 శాతమే. మూడు చోట్లా సగటును తీసేయకుండా రిటర్న్ వర్గాల సగటే తీస్తున్నాం.

కుదుపు రోజు ముగిశాక ఈడబ్ల్యూఎంఏ వేరియన్స్ 0.94×1 + 0.06×25 = 2.44 అవుతుంది. వర్గమూలం 1.56 శాతం. 32 రోజుల విండోలో 31 రోజులు 1, ఒక రోజు 25. మొత్తం 56ను 32తో భాగిస్తే 1.75, వర్గమూలం 1.32 శాతం. ఆ తర్వాత ఇలా నడుస్తుంది:

| కుదుపు తర్వాత గడిచిన రోజులు | λ = 0.94 | 32 రోజులు | 250 రోజులు |
|---|---|---|---|
| 0 | 1.56% | 1.32% | 1.05% |
| 5 | 1.43% | 1.32% | 1.05% |
| 10 | 1.33% | 1.32% | 1.05% |
| 31 | 1.10% | 1.32% | 1.05% |
| 32 | 1.09% | 1.00% | 1.05% |

జ్ఞాపకం సమానమే అయినా మొదటి రోజు ఈడబ్ల్యూఎంఏ ఎక్కువ ఎగిరింది. కారణం తేలిక. అందులో తాజా రోజు వెయిట్ 6 శాతం, విండోలో 32లో ఒక వంతు, అంటే 3.1 శాతం. సూత్రం ప్రకారం జ్ఞాపకాన్ని సమానం చేసినప్పుడల్లా తాజా రోజుకు ఈడబ్ల్యూఎంఏ దాదాపు రెట్టింపు వెయిట్ ఇస్తుంది. ఎక్కడం రెట్టింపు, దిగడం నిదానం. అదనంగా చేరిన వేరియన్స్ 11 రోజులకోసారి సగమవుతుంది.

పట్టికలో అన్నిటికంటే బాగా చూడాల్సింది చివరి రెండు వరుసలు. 31వ రోజు 1.32 ఉన్న విండో అంచనా మర్నాడు 1.00కి పడిపోయింది. ఆ రోజు మార్కెట్‌లో ఏమీ జరగలేదు. నెలన్నర కిందటి కుదుపు విండో చివరి నుంచి జారిపోయింది, అంతే. వోలటిలిటీని బట్టి పొజిషన్ సైజు పెట్టే పద్ధతిలో అయితే ఒక్క రాత్రిలో సైజు 32 శాతం పెరుగుతుంది. పైగా ఆ ముందు రోజుదాకా, కుదుపు జరిగిన మర్నాడు ఎంత భయపడిందో అంతే భయపడుతూ ఉంది. మామూలు స్టాండర్డ్ డీవియేషన్‌తో అసలు ఇబ్బంది ఆలస్యం కాదు, ఈ గోడ. విండో పెంచితే గోడ ఎత్తు తగ్గుతుంది. 250 రోజులలో ఒక్క కుదుపు జారితే తేడా 5 శాతం లోపే. కానీ పెద్ద పతనాలలో కుదుపులు గుంపుగా వస్తాయి, ఏడాది తర్వాత గుంపుగానే జారిపోతాయి. వార్షిక వోలటిలిటీ గ్రాఫ్‌లో ఒక సంక్షోభం జరిగిన సరిగ్గా ఏడాదికి కనిపించే నిట్టనిలువు మెట్టు ఇదే.

ఈడబ్ల్యూఎంఏ గ్రాఫ్ రంపం పళ్లలా ఉంటుంది: నిలువుగా ఎక్కి ఏటవాలుగా దిగుతుంది. దానికీ ఒక ఖర్చుంది. అదే పొజిషన్ సైజు పద్ధతిలో 1.00 నుంచి 1.56కి ఎగిరినప్పుడు సైజు ఒక్కసారిగా 36 శాతం కోసేయాల్సి వస్తుంది. 32 రోజుల విండో అయితే కోత 24 శాతమే. ఆ కుదుపు త్రైమాసిక ఫలితాల లాంటి ఒక్క రోజు వార్త వల్ల వచ్చి మర్నాటికే చల్లారేదైతే, ఈడబ్ల్యూఎంఏ తక్కువ ధరలో అమ్మించి నెల రోజులపాటు మెల్లగా మళ్లీ కొనిపిస్తుంది.

## ఎక్కడ ఏది

మొదట అడగాల్సిన ప్రశ్న, ఈ అంచనా ఎన్ని రోజులకు కావాలి అని. రేపటి నుంచి పది రోజుల లోపు రిస్క్‌కు, అంటే ఒక రోజులో ఎంత నష్టం రావొచ్చో చెప్పే వీఏఆర్, మార్జిన్, పొజిషన్ సైజు లాంటి వాటికి, సూచీలలోనూ కరెన్సీలలోనూ ఈడబ్ల్యూఎంఏనే ముందు పెట్టుకోవాలి. అక్కడ పెద్ద కదలిక తర్వాత పెద్ద కదలికలే వచ్చే లక్షణం బలంగా ఉంటుంది. కుదుపు తర్వాతి మొదటి వారమే ఎక్కువ ప్రమాదం, సరిగ్గా ఆ వారమే విండో తక్కువ చెబుతుంది.

నెలలు, ఏడాది ముందుకు చూడాలంటే సంగతి తిరగబడుతుంది. ఈడబ్ల్యూఎంఏ సూత్రంలో దీర్ఘకాలిక సగటు వైపు లాగే పదం ఏదీ లేదు. నేటి 1.56 శాతమే వచ్చే రోజులన్నిటికీ అంచనా. దాన్ని `√252`తో గుణిస్తే ఏడాదికి 24.8 శాతం వస్తుంది. మన ఉదాహరణలో కుదుపు తర్వాత అంతా ప్రశాంతమే కాబట్టి నిజంగా తేలేది 15.9 శాతం. ఒక్క రోజు పతనాన్ని ఏడాది మొత్తానికి పూసినట్టయింది. ఇలాంటి పనికి 250 రోజులు లేదా అంతకంటే పొడుగు స్టాండర్డ్ డీవియేషనే నయం. గోడ వద్దనుకుంటే 0.99 పైన λ పెట్టొచ్చు. అంచనా క్రమంగా సగటుకు తిరిగిరావాలంటే గార్చ్ మోడల్‌కు వెళ్లాలి. ఈడబ్ల్యూఎంఏ నిజానికి సగటు వైపు లాగే ఆ స్థిర పదం తీసేసిన గార్చే.

ఒక్కో కంపెనీ షేరు విషయంలో, పైన చెప్పిన వార్తా కుదుపుల వల్ల, 0.94 తరచూ మరీ పదునుగా ఉంటుంది. 0.97తో మొదలుపెట్టడం మంచిది. అప్పుడు తాజా రోజు వెయిట్ 3 శాతమే, జ్ఞాపకం దాదాపు 66 రోజులు.

చాలా ప్రశాంతంగా గడిచిన కాలం తర్వాత జాగ్రత్త ఇంకోటి. ఈడబ్ల్యూఎంఏ తొందరగా అడుగుకు దిగిపోతుంది, పొజిషన్లు అప్పుడే అతిగా పెరుగుతాయి. మొదటి కుదుపును ఈ రెండు పద్ధతుల్లో ఏదీ ముందుగా చెప్పలేదు. అందువల్ల λ = 0.94 అంచనా, 250 రోజుల అంచనా రెండూ తీసి పెద్దదాన్ని వాడటం మంచి కాపలా. రిస్క్ వైపు పనికి ఇది సరిపోతుంది. ఆప్షన్ ధర కట్టడానికి మాత్రం వాడకూడదు, ఎప్పుడూ పైకే తూగుతుంది కాబట్టి.

## పోలికను పాడుచేసే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది సగటు దగ్గర. ఎక్సెల్‌లోని `STDEV.S` ముందు విండో సగటును తీసేసి తర్వాత వర్గాలు తీస్తుంది. ఈడబ్ల్యూఎంఏ మామూలు రూపం సగటును సున్నా అనుకుంటుంది. ఒక ఆస్తి 20 రోజులపాటు వరుసగా రోజుకు 0.9, 1.1 శాతం మార్చి మార్చి పడిందనుకోండి. `STDEV.S` చెప్పే వోలటిలిటీ 0.1 శాతం! రిటర్న్ వర్గాల సగటుతో తీస్తే 1 శాతం. పొట్టి విండోలో సగటును తీసేయడమంటే వరుస పతనాన్ని ప్రశాంతత అని రాసుకోవడమే. సగటు సున్నా అనుకోవడం వల్ల నష్టం దాదాపు లేదు. నిజమైన రోజువారీ సగటు 0.05 శాతం, వోలటిలిటీ 1 శాతం అయితే వచ్చే అంకె 1.00 బదులు 1.001. కాబట్టి రోజువారీ డేటాకు రెండు వైపులా సగటును వదిలేయండి. ఎక్సెల్‌లో రిటర్న్‌లు B నిలువువరుసలో ఉంటే 34వ అడ్డువరుస రోజుకు అంచనాలు ఇవి:

```
=SQRT(SUMSQ(B2:B33)/32)
=0.94*C33+0.06*B33^2
```

రెండోది C34లో ఉండే వేరియన్స్. దేంట్లోనూ B34 లేదని గమనించండి. ఏ రోజును అంచనా కడుతున్నామో ఆ రోజు రిటర్న్ లెక్కలోకి చొరబడితే ఈడబ్ల్యూఎంఏ అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. తాజా రోజుకు ఎక్కువ వెయిట్ కాబట్టి ఈ మోసం దానికే ఎక్కువ కలిసొస్తుంది. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీలో దీనికి మందు `shift(1)`.

పాండాస్ వాడేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. `ewm`లో `alpha` అంటే λ కాదు, 1−λ. పొరపాటున `alpha=0.94` పెడితే అంచనా గ్రాఫ్ నిన్నటి రిటర్న్ గుర్తు తీసేసినట్టు అచ్చంగా అలాగే ఉంటుంది. అలా కనిపించగానే అనుమానించాలి. అలాగే `ewm(...).std()` వెయిటెడ్ సగటును తీసేస్తుంది. అందుకే రిటర్న్ వర్గాల మీద `ewm(...).mean()` తీసి వర్గమూలం తీయడమే శుభ్రమైన దారి.

మొదలు ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. `adjust=False` పెడితే, చేత్తో లెక్కకట్టేటప్పుడు మొదటి రిటర్న్ వర్గంతో మొదలుపెట్టినట్టే, ఆ ఒక్క రోజు చాలాకాలం పెత్తనం చేస్తుంది. 0.94తో దాని వాటా 1 శాతం లోపుకు రావడానికి 75 రోజులు పడుతుంది. మొదటి ముప్ఫై రోజుల వర్గాల సగటును ఆరంభ విలువగా పెట్టుకుని, మొదటి 75 అంచనాలను ఫలితాల్లోంచి వదిలేయాలి. అంత చరిత్ర లేని కొత్త లిస్టింగ్ అయితే ఉన్న రోజులన్నిటికీ సమాన వెయిట్ ఇవ్వడం తప్ప ఈడబ్ల్యూఎంఏతో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

డేటా చెడితే మాత్రం మామూలు విండోదే పైచేయి. షేరు విభజన జరిగితే, ధరను సవరించకపోవడం వల్ల ఒక రోజు మైనస్ 50 శాతం రిటర్న్ పడిందనుకుందాం. 1 శాతం దగ్గరున్న ఈడబ్ల్యూఎంఏ అంచనా 12.3 శాతానికి ఎగురుతుంది. తిరిగి 1.1 శాతం లోపుకు దిగడానికి 107 ట్రేడింగ్ రోజులు పడుతుంది. 32 రోజుల విండో 32 రోజులకు పూర్తిగా మరిచిపోతుంది. ఈడబ్ల్యూఎంఏ ప్రతి రోజూ నిన్నటి అంకె మీదే కడుతుంది కాబట్టి, ధర సరిచేశాక ఆ తప్పు రోజు నుంచి మళ్లీ మొత్తం లెక్కకట్టాలి. నిన్నటి వేరియన్స్‌ను మాత్రమే దాచుకునే వ్యవస్థల్లో ఇది మరిచిపోతుంటారు. దీనికి వ్యతిరేక దిశలోనూ ఒక తప్పుంది. సెలవు రోజులకు సున్నా రిటర్న్ నింపితే ఒక్కో సున్నా వేరియన్స్‌ను 6 శాతం తగ్గిస్తుంది. వరుసగా అయిదు సున్నాలు పడితే వోలటిలిటీ అంచనా 14 శాతం దిగుతుంది. ట్రేడింగ్ జరగని రోజును వరుసలోంచి తీసేయాలి, సున్నాతో నింపకూడదు.

## మీ డేటా మీద తేల్చుకోవడం

నిజమైన వోలటిలిటీ కళ్లకు కనపడదు కాబట్టి అంచనాను మర్నాటి రిటర్న్ వర్గంతోనే పోల్చాలి. రెండింటి తేడా వర్గాల సగటు తీస్తే రెండు మూడు పెద్ద పతనాల రోజులే ఫలితాన్ని శాసిస్తాయి. అందుకని క్యూలైక్ అనే కొలత వాడటం మంచిది: `log(v) + r²/v`, తక్కువ వస్తే మేలు. ఇది తక్కువ అంచనాను ఎక్కువగా శిక్షిస్తుంది. వేరియన్స్‌ను అసలుదానిలో సగం అని చెబితే 0.307 జరిమానా, రెట్టింపు అని చెబితే 0.193. రిస్క్ పనికి ఈ వాలు సరిగ్గా కావాల్సినదే.

```python
r2 = r**2
d = pd.DataFrame({
    "r2": r2,
    "h": r2.rolling(32).mean().shift(1),
    "e": r2.ewm(alpha=0.06).mean().shift(1),
}).iloc[251:]
for k in ("h", "e"):
    print(k, (np.log(d[k]) + d["r2"] / d[k]).mean())
```

రెండింటికీ ఒకే రోజులు వాడటం తప్పనిసరి. లేకపోతే ఒకదానికి ప్రశాంతమైన నెలలు అదనంగా కలిసి పోలిక చెడుతుంది. తర్వాత ఇదే కోడ్‌ను 32 బదులు 60, 250 రోజులకూ, వాటి సాటి λలకూ నడపండి. ముందు జ్ఞాపకం పొడవు, తర్వాత వెయిట్ల పద్ధతి, ఈ క్రమంలో చూస్తే మెరుగుదల దేనివల్ల వచ్చిందో విడివిడిగా తెలుస్తుంది. 0.94, 0.95 మధ్య తేడా సాధారణంగా చాలా చిన్నది. దాని కోసం మూడో దశాంశం దాకా వెతకడం కాలయాపనే. డేటాను రెండు ముక్కలు చేసి, మొదటి సగంలో గెలిచిన λ రెండో సగంలో కూడా విండో కంటే మెరుగ్గా ఉందా లేదా అన్నదే చూడండి.

సగటు స్కోరుతో ఆగకుండా `r/√v` కూడా తీయాలి. అంచనా సరైనదైతే దీని స్టాండర్డ్ డీవియేషన్ 1 దగ్గర ఉంటుంది. పెద్ద కుదుపు తర్వాతి పది రోజులను మాత్రమే వేరుచేసి ఇదే లెక్క మళ్లీ తీయండి. అక్కడ విండోది 1.3, 1.4 ఉండి ఈడబ్ల్యూఎంఏది 1 దగ్గర ఉంటే ఆ ఆస్తికి ఈడబ్ల్యూఎంఏ తగినట్టే. ఈడబ్ల్యూఎంఏది 0.7కు దిగితే, ఆ ఆస్తిలో కుదుపులు ఒక్క రోజుతో చల్లారిపోయే రకం. λ పెంచాలి, లేదా విండోతోనే సరిపెట్టుకోవాలి.